పొద్దున్నే పట్టాయా చేరితే రూమ్ ఇస్తారా?

"తెల్లవారుజామున 5కి బ్యాంకాక్‌లో దిగి నేరుగా పట్టాయా వెళ్తాం. చెక్-ఇన్ మధ్యాహ్నం 2కి. అమ్మ, బాబు కూడా వస్తున్నారు. సామానుతో అప్పటిదాకా ఏం చేయాలి?"

ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి 6 దాటుతుంది, అక్కడి నుంచి కారులో రెండు గంటల దారి. అంటే 9లోపే హోటల్ ముందుంటారండి. ఎర్లీ చెక్-ఇన్ అడగండి కానీ నమ్ముకోవద్దు. ముందు రాత్రి హోటల్ నిండితే, ఆ గదుల్లో ఉన్నవాళ్లు ఖాళీ చేసి గది శుభ్రమయ్యేదాకా ఎవరూ ఏం చేయలేరు. ముందు రోజు సాయంత్రం హోటల్‌కే ఫోన్ చేస్తే గదుల సంగతి తెలుస్తుంది.

అమ్మగారు ఉన్నారు కాబట్టి నేనైతే ముందు రాత్రికి కూడా బుక్ చేస్తాను. దిగేది 12న అయితే 11 నుంచి తీసుకోవాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను: 12 పొద్దున వస్తామని చెప్పలేదు, రాత్రి రాలేదని నో-షో కింద మొత్తం బుకింగ్ రద్దు చేశారు. అందుకే రాసి పంపి, జవాబు దాచుకోండి.

అదనపు రాత్రి వద్దనుకుంటే రిసెప్షన్‌లో సామాను పెట్టుకుంటారు, మామూలుగా డబ్బులడగరు. ట్యాగ్ ముక్క తీసుకోండి. పాస్‌పోర్టులు, మందులు, బాబుకి ఒక జత బట్టలు మాత్రం చేతిసంచిలోనే ఉంచండి. పూల్ దగ్గర షవర్ వాడుకోవచ్చా అని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.