బాక్స్ రిమోట్‌తోనే టీవీ కూడా ఆన్ చేయడం ఎలా?

కావలిలో మా అమ్మకి రెండు రిమోట్లతో ఇబ్బందిగా ఉంది, కేబుల్ బాక్స్ రిమోట్ ఒక్కదాంతోనే టీవీ ఆన్, సౌండ్ అన్నీ అయ్యేటట్టు చేయొచ్చా అన్నా?

చేయొచ్చు తమ్ముడూ, బాక్స్ రిమోట్ మీద టీవీ అని విడిగా గీసిన గడిలో పవర్, వాల్యూమ్, AV బటన్లు ఉంటే అది చాలావరకు టీవీ రిమోట్ బటన్లని నేర్చుకునే రకమే. ఆ గడిలో సెట్ బటన్‌ని (కొన్నిట్లో టీవీ పవర్‌నే) ఎర్ర లైటు ఆగకుండా వెలిగేదాకా నొక్కి పట్టుకో, తర్వాత రెండు రిమోట్ల మూతులు రెండు మూడు అంగుళాల దూరంలో ఎదురెదురుగా పెట్టి, ముందు బాక్స్ రిమోట్‌లో టీవీ పవర్ నొక్కి వదిలేసి, టీవీ రిమోట్‌లో పవర్ నొక్కు, లైటు మిణుకుమంటే ఎక్కినట్టే. వాల్యూమ్‌కీ ఇంతే, చివర్లో సెట్ నొక్కితే సేవ్ అవుద్ది.

ఎక్కకపోతే టీవీ రిమోట్ బటన్ నొక్కుతా దాని మూతిని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడు. వెలుగు కనిపిస్తే ట్యూబులైటు ఆపి మళ్ళీ చెయ్యి, కనపడకపోతే సెల్స్ మార్చి చూడు, అప్పటికీ లేకపోతే ఆ బటన్ బ్లూటూత్‌తో పనిచేసేదేమో, దాన్ని ఈ రిమోట్ నేర్చుకోలేదు. బాక్స్ సౌండ్ మాత్రం ఫుల్లులో పెట్టేసెయ్, అమ్మ టీవీ వాల్యూమ్ ఒక్కటే తిప్పుకుంటే చాలు.