తెలియక వైన్ తాగాను, బిడ్డకు ప్రమాదమా?

ఐదో వారంలో, ప్రెగ్నెన్సీ అని తెలియక, ఒక ఫంక్షన్‌లో రెండు గ్లాసుల వైన్ తాగాను. ఎంతవరకు తాగినా ఫర్వాలేదో డాక్టర్లు ఎందుకు చెప్పరు? చాలా టెన్షన్‌గా ఉంది.

ముందు కాస్త స్థిమితపడండి. ఆ ఒక్క రోజు తాగిన రెండు గ్లాసుల వల్ల బిడ్డకు హాని జరిగే అవకాశం తక్కువ. తెలియక ఇలా తాగిన చాలామందికి ఆరోగ్యంగానే పిల్లలు పుట్టారు. వారాలను చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కాబట్టి, అప్పటికి మీ పిండం వయసు సుమారు మూడు వారాలే.

ఆల్కహాల్ మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు. ఎంత తాగితే హాని మొదలవుతుందో తేల్చాలంటే కొందరు గర్భిణులకు కావాలని తాగించి చూడాలి. అలా ఎవరూ చేయరు, చేయకూడదు. మిగిలేది తల్లులు గుర్తు తెచ్చుకుని చెప్పిన లెక్కలే. పైగా అదే గ్లాసు ఒక్కో ఒంట్లో ఒక్కోలా అరుగుతుంది. పిల్లల్లో శ్రద్ధ, చదువుకు సంబంధించిన చిన్న తేడాలు స్కాన్‌లో కనిపించవు, ఏళ్ల తర్వాతే బయటపడతాయి. అందుకే గీత గీయలేకపోయారు. సురక్షితమని రుజువు కాలేదంటే ప్రతి గుక్కా హాని చేసిందని కాదు.

ఇక నుంచి పూర్తిగా మానేయండి. ఎప్పుడు, ఎంత తాగారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. రోజూ తాగే అలవాటు ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, అది కూడా ప్రమాదమే. ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలిసి, వారి పర్యవేక్షణలో మానేయండి.