అగ్గి ఒక దారి, సంద్రం ఇంకో దారి

"అగ్ని అగ్గి అయింది కదా, మరి సముద్రం సముద్దం అవ్వకుండా సంద్రం ఎందుకైంది? రూలు ఏంటి?"

రూలు ఒకటి కాదండి, దారులు రెండు: కొన్ని సంస్కృత మాటలు పాతకాలపు జనం భాష ప్రాకృతం మీదుగా మనకి వచ్చాయి, కొన్ని నేరుగా వచ్చాయి. ప్రాకృతంలో జంట హల్లుల్లో ఒకటి పక్కదాన్ని తనలా మార్చేసుకుంటుంది, అలా అగ్ని అక్కడే అగ్గి అయిపోయి, తయారైన రూపంలో మనకి చేరింది. భక్తి కూడా అక్కడ భత్తి అయింది, మన నోట్లో భకారంలోని ఒత్తు కూడా పోయి బత్తి మిగిలింది.

సంద్రం అలా కాదు. ప్రాకృతంలో అది సముద్ద, అంటే రకారం అక్కడే పోయింది. మన సంద్రంలో 'ద్ర' అలాగే ఉంది చూడండి, కాబట్టి సంస్కృత రూపాన్నే తీసుకుని నడిమి ఉకారాన్ని మింగేశాం, దాంతో మకారం దకారం పక్కకొచ్చి సున్నా అయింది. రాత్రి రాతిరి అవడం కూడా ఈ కోవలోదే, కాకపోతే అక్కడ అచ్చు పోలేదు, చేరింది.

అందుకే మాట ఏ దారిలో వచ్చిందో తెలియాలంటే ముందు జంట హల్లు ఏమైందో చూడండి. ఇది అన్నిచోట్లా తెగదు: జాతరలో యకారం జకారమవడం ప్రాకృతపు అలవాటు, కానీ ప్రాకృతంలో జత్తా అయిన మాటలో మనకి రకారం మిగిలే ఉంది.

తద్భవం వచ్చిందని తత్సమం పోదు. మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేటకెళ్లేవాళ్ల నోట సంద్రం, వాతావరణ హెచ్చరికలో సముద్రం. కొట్లో అగ్గిపెట్టె, బోర్డు మీద అగ్నిమాపక కేంద్రం.