అడుగున ఉన్న మడ్డి కన్నా మూత కింద మరకను చూడండి

“మొన్న బెంజి సర్కిల్ దగ్గర ఒక దుకాణంలో అల్లం, జామ కలిపిన కొంబుచా సీసా కొన్నాను. రెండు రోజులు వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. ఇప్పుడు అడుగున గోధుమరంగు మడ్డి కనిపిస్తోంది. ముందు, వెనక ఫోటోలు పెట్టాను. పాడైందా? అమ్మకు షుగరు వ్యాధి ఉంది, ఆమె తాగవచ్చా? ఇందులో కొంచెం మద్యం ఉంటుందని అంటున్నారు, నిజమేనా?”

కొంబుచా అంటే తియ్యటి టీని పులియబెట్టి చేసే పానీయం. గుంటూరు అరండల్‌పేటలోని మా ఇంట్లో ఆరేళ్ళుగా దాన్ని తయారుచేస్తున్నాను. మీ ఫోటోలను పెద్దవి చేసి చూశాను. మిమ్మల్ని భయపెట్టిన మడ్డి నన్ను భయపెట్టలేదు. మీరు ప్రస్తావించని ఇంకో మరక మాత్రం ఆలోచనలో పడేసింది.

ముందు మడ్డి సంగతి. మీ సీసాలో అది రెండు పొరలుగా ఉంది. పైన ఉన్న గరుకైన, లేత రంగు పొర జామ గుజ్జు. దాని కింద పల్చటి గంధంలా అంటుకుని ఉన్నది ఈస్ట్. తియ్యటి టీని పులియబెట్టే సూక్ష్మజీవుల్లో అదొకటి. పని తగ్గాక, చల్లబడ్డాక అడుగుకు దిగుతుంది. సందేహం ఉంటే వెలుతురుకు ఎదురుగా సీసాను మెల్లగా ఒక పక్కకు వంచి చూడవచ్చు. ఈస్ట్ అయితే పొగలా లేచి ద్రవంలో కలిసిపోతుంది. గుజ్జు రేణువులుగా కదిలి వెంటనే కిందకు దిగుతుంది. ఒక్కోసారి జిగురు దారాల్లాంటివి, పైన పల్చటి తొరక లాంటిది కూడా కనిపిస్తాయి. అవి బాక్టీరియా అల్లుకున్న పీచు, వాటివల్ల హాని లేదు. బూజు వీటన్నిటికీ భిన్నంగా ఉంటుంది. ద్రవం మీద పొడిగా, నూగుగా, ఆకుపచ్చగానో నల్లగానో తెల్లగానో మచ్చలు కడుతుంది. మీ ఫోటోలో సీసా మెడ దగ్గర అలాంటిదేమీ లేదు. మీ సీసాను మాత్రం ఇప్పుడే వంచి పరీక్షించవద్దు. కారణం కింద చెబుతున్నాను.

మీ మొదటి ఫోటోలో మూత అంచు నుంచి లేబుల్ మీదకు ఒక గోధుమరంగు చార దిగింది. అది తగిలిన చోట కాగితం ముడతపడింది. సీసాలు నింపేటప్పుడు ఒలికిందేమో అనుకోవచ్చు. కానీ ఒలికినదాన్ని కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే లేబుల్ అంటిస్తారు. చార లేబుల్ కింద ఉంటే నింపేటప్పటిదని సరిపెట్టుకునేవాడిని. ఇది లేబుల్ పైన ఉంది. అంటే సీసా తయారై బయటికి వచ్చాకే మూత సందులోంచి ద్రవం ఊరింది. లోపలి గ్యాస్ తోసి ఉండాలి, లేదా మూత వదులై సీసా పడుకుని ఉండాలి. మూత మధ్యభాగం కూడా కొద్దిగా ఉబ్బినట్టు ఉంది కాబట్టి నేను మొదటి కారణం వైపే మొగ్గుతాను. నిర్ధారించుకోవాలంటే ఫోనును మూత ఎత్తుకు దించి పక్క నుంచి ఒక ఫోటో తీయండి. రేకు మూత మధ్య భాగం అంచుల కన్నా పైకి లేచి ఉంటే లోపల ఒత్తిడి ఎక్కువైనట్టే. బుడగలు లేవు కదా అని నిశ్చింతగా ఉండవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు గ్యాస్ ద్రవంలో కరిగి ఉంటుంది. ఎంత ఒత్తిడి ఉన్న సీసా అయినా కదలకుండా ఉంచితే ఫోటోలో నీళ్ళ సీసాలాగే కనిపిస్తుంది.

ఈ ఒత్తిడి ఎక్కడిది అన్నదానికి జవాబు మీ రెండో ఫోటోలో, లేబుల్ వెనక ఉంది. అక్కడ మూడు మాటలు చదివాను. పాశ్చరైజ్ చేయనిది. 4 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వంద మిల్లీలీటర్లకు మొత్తం చక్కెర 4.5 గ్రాములు. ఈ మూడింటినీ విడివిడిగా చదవకూడదు. లోపల ప్రాణమున్న ఈస్ట్ ఉంది, దానికి తిండి ఉంది, దాన్ని మందగింపజేసేది చలి ఒక్కటే. మే నెలలో విజయవాడ వంటింట్లో ఆ చలి లేదు.

కల్లు తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా ఉన్న తాటికల్లు ఎండ ఎక్కేసరికి ఘాటెక్కి నురగలు కక్కుతుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ వదలడమే అందులో జరిగేది. మీ సీసాలోనూ అదే జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఇంకో తేడా కూడా ఉంది. మేము గుడ్డ కట్టిన జాడీలో కొంబుచాను పులియబెట్టేటప్పుడు గాలి ఆడుతుంది. ఈస్ట్ చేసిన ఆల్కహాలును బాక్టీరియా ఆ గాలి సాయంతో పుల్లటి ఆమ్లంగా మార్చేస్తుంది. అందుకే జాడీలో ఆల్కహాలు పెద్దగా పేరుకోదు. సీసాలో పోసి మూత బిగించాక గాలి ఉండదు, బాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. ఈస్ట్‌కు గాలి లేకపోయినా ఫరవాలేదు. దాంతో ఆల్కహాలు, గ్యాస్ రెండూ లోపలే పెరుగుతాయి.

ఎంత పెరుగుతాయో మీ సీసాకే లెక్క వేసి చూద్దాం. అది 330 మిల్లీలీటర్ల సీసా. ప్రతి వంద మిల్లీలీటర్లలోనూ ఉన్న 4.5 గ్రాముల్లో ఈస్ట్ ఒక్క గ్రాము తిన్నదనుకోండి. ఆల్కహాలు సుమారు 0.6 శాతం పెరుగుతుంది. మన దేశ ఆహార నిబంధనల్లో ఘనపరిమాణం ప్రకారం 0.5 శాతం దాటిన పానీయం మద్యపానీయాల కిందకు వస్తుంది. అంటే ఆ ఒక్క గ్రాముతోనే గీత దాటుతుంది. అదే గ్రాము నుంచి పుట్టే గ్యాస్ పానీయం పరిమాణానికి సుమారు రెండున్నర రెట్లు. మీ చిన్న సీసాలో అది ముప్పావు లీటరు పైమాటే. అప్పటికే ఉన్న గ్యాస్‌కు ఇది అదనం. మామూలు కూల్‌డ్రింకులో ఉండేది మొత్తం మూడు, నాలుగు రెట్లు. రెండు రోజుల్లో సరిగ్గా ఒక గ్రాము కరిగిందని నేను అనడం లేదు, అంతకన్నా తక్కువే అయి ఉండవచ్చు. కానీ దుకాణంలో అది ఎన్ని రోజులు బయట ఉందో కూడా ఆలోచించండి. లేబుల్ మీద చార ముదురు రంగులో, ఎప్పుడో ఎండినట్టు ఉంది. మీ ఇంటి గట్టు మీదకు రాకముందే కొంత కథ జరిగిందని నాకు అనిపిస్తోంది.

కాబట్టి లేబుల్ మీద ఆల్కహాలు 0.5 శాతం లోపు అని ఉన్నా, అది చల్లగా ఉంచిన సీసాకు చెప్పిన మాట. గడువు తేదీ కూడా అంతే. 2010లో అమెరికాలో కొన్ని పెద్ద దుకాణాలు పాశ్చరైజ్ చేయని కొంబుచాను అమ్మకం నుంచి తీసేశాయి. కొన్ని సీసాల్లో ఆల్కహాలు 0.5 శాతం దాటి ఉండటమే కారణం. మత్తు విషయానికొస్తే, ఒక శాతమే ఉన్నా మీ సీసా మొత్తంలో ఆల్కహాలు 3.3 మిల్లీలీటర్లు. అయిదు శాతం బీరు అంతే పరిమాణంలో తాగితే 16.5. మత్తు ఎక్కదు గానీ, మతం వల్లో, మొక్కు వల్లో, మందుల వల్లో మద్యం చుక్క కూడా ముట్టనివారికి ఇలాంటి సీసా పనికిరాదు. సున్నా అన్నది ఇందులో ఉండదు. ఎంత ఉందో ఫోటో చూసి గానీ, రుచి చూసి గానీ ఎవరూ చెప్పలేరు. ఈ స్థాయిలో ఆల్కహాలును నమ్మకంగా తేల్చాలంటే ప్రయోగశాల కావాలి.

అమ్మగారి సంగతి. సీసా మొత్తం తాగితే 4.5ను 3.3తో హెచ్చించినట్టు, దాదాపు 15 గ్రాముల చక్కెర. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున మూడు చెంచాలు దాటి నాలుగుకు దగ్గర. పుల్లదనం ముందు తీపి నాలుకకు తెలియదు, అందుకే చాలామంది ఇందులో చక్కెర లేదనుకుంటారు. పులిసేకొద్దీ తగ్గుతుంది కదా అని మీరు అడగవచ్చు. తగ్గుతుంది, కానీ ఎంత తగ్గిందో మీకు తెలియదు. పైగా తగ్గిన చోటే ఆల్కహాలు పెరిగి ఉంటుంది. ఈ సీసా ఆమెకు ఇవ్వవద్దు. ఇంకెప్పుడైనా ఇవ్వాలనుకుంటే చల్లగా అమ్మేదాన్ని, వందకు రెండు గ్రాముల లోపు చక్కెర ఉన్నదాన్ని ఎంచుకుని, లేబుల్‌ను ఆమె వైద్యులకు చూపించి అడగండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పాశ్చరైజ్ చేయనిది ఏదీ ఇవ్వకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ సీసాను ఏం చేయాలి? నాలుగేళ్ళ కిందట మే నెలలో మామిడి రసం కలిపిన మూడు గాజు సీసాలను నేను గది వేడిలోనే వదిలి పెళ్ళికి తెనాలి వెళ్ళాను. రెండు రోజులకు తిరిగి వచ్చేసరికి ఒకటి పగిలి, గాజు పెంకులు బియ్యం డబ్బా వెనక వరకూ చిమ్మి ఉన్నాయి. ఆ సమయంలో వంటింట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి విడతలో ఒక ప్లాస్టిక్ సీసా కూడా నింపుతున్నాను. అది నొక్కితే లోపలికి పోనంత గట్టిపడగానే గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి వెళతాయి. గాజును నొక్కి చూడలేం కదా.

మీరు సీసాను కుదపకుండా, ఒక మందపాటి తువ్వాలు చుట్టి, నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి. మొహం దగ్గరకు తీసుకురావద్దు. ఒక రాత్రంతా చల్లబడితే గ్యాస్ మరింత కరిగి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు ఆ తువ్వాలుతోనే సింకులో నిలబెట్టి, మూతను పావు వంతు మాత్రం తిప్పి ఆగండి. బుస్సుమని శబ్దం ఆగాక ఇంకొంచెం తిప్పండి. నురగ పొంగి ఆగకుండా వస్తే ఆ మరక విషయంలో నా ఊహ నిజమన్నమాట, దాన్ని అలాగే సింకులోకి పోనివ్వండి. మెల్లగా బుస్సుమని ఊరుకుంటే, పుల్లటి వాసనే తప్ప వేరే వాసన లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కొంచెం తాగవచ్చు. తెరవడానికి జంకుగా ఉంటే తెరవకండి. చల్లబడ్డాక ఆ తువ్వాలుతోనే దుకాణానికి తీసుకెళ్ళి లేబుల్ మీది చార చూపించి మార్చమని అడగండి. అక్కడ మిగిలిన సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయో, బయటి అల్మరాలో ఉన్నాయో కూడా చూసి రండి. బయట ఉంటే, మార్చి ఇచ్చే సీసాను కూడా తీసుకోకండి, డబ్బు వెనక్కి అడగండి.