ఎడ్లబండి మోడల్‌కు LODలు: ఏ దూరంలో ఎన్ని ట్రయాంగిల్స్ సరిపోతాయి?

ప్రశ్న: "మా మొబైల్ గేమ్‌లో పల్లె వీధి కోసం ఎడ్లబండి చేసినం. LOD0 5,000 ట్రయాంగిల్స్ వచ్చింది. ఒక్కో మెట్టుకు సగం సగం తగ్గించుకుంటూ పోతే సరిపోతుందా? డెసిమేట్ చేస్తే గీరలు వంకర పోతున్నయి." (మహబూబ్‌నగర్)

జవాబు:

సగం సగం అనే లెక్క మొదటి అంచనాకు పనికొస్తుంది గానీ, బండి విషయంలో అది నిలవదు. పలకలను, నొగలను, కాడిని ఎంత తగ్గించినా చూసేవారికి పెద్దగా తేడా తెలియదు, గీర అంచు కాస్త గరుకెక్కితే మాత్రం వెంటనే కంటికి తగులుతుంది. నల్లగొండ వైపు పల్లె ఒకదాన్ని గేమ్ కోసం కట్టినప్పుడు నేనూ ఇదే వస్తువు చేశాను. అప్పటి నుంచి బడ్జెట్‌ను గీర దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందుగా తేల్చుకోవలసినది, ఫలానా దూరంలో ఒక మీటరు తెర మీద ఎన్ని పిక్సెల్స్ ఆక్రమిస్తుందనేది. తెర ఎత్తు 1080 పిక్సెల్స్, కెమెరా నిలువు కోణం 60 డిగ్రీలు అనుకుంటే లెక్క ఇది, ఇందులో d మీటర్లలో దూరం, R గీర వ్యాసార్థం:

```
px_per_m = 1080 / (2 * d * tan(30°))
gap = R * (1 - cos(180° / n))
```

రెండో వరుసలోని gap అంటే, n ముక్కలతో చేసిన అంచు అసలు వృత్తం కంటే ఎంత లోపలికి పడిందన్నది. గీర వ్యాసం 1.5 మీటర్లు అనుకుందాం. 24 ముక్కలైతే ఆ తేడా సుమారు 6 మిల్లీమీటర్లు, 15 మీటర్ల దూరం నుంచి అది 0.4 పిక్సెల్ మాత్రమే. 12 ముక్కలైతే రెండున్నర సెంటీమీటర్లు, 40 మీటర్ల నుంచి 0.6 పిక్సెల్. పిక్సెల్ కంటే తక్కువ తేడాను ఎవరూ గుర్తించరు కాబట్టి, 15 మీటర్ల వరకు 36 ముక్కలు, అక్కడి నుంచి 40 వరకు 24, ఆపైన 12 పెట్టుకుంటే చాలు. ఈ మూడూ పన్నెండు గుణిజాలు కావడం యాదృచ్ఛికం కాదు. గీరకు 12 ఆకులు ఉన్నప్పుడు ప్రతి ఆకూ అంచు ముక్కను ఒకే చోట తాకుతుంది, LOD మారినప్పుడు ఆకులు పక్కకు జరిగినట్టు అనిపించదు.

ఆకుల మందం 5 సెంటీమీటర్లు. 15 మీటర్ల దగ్గర అది మూడు పిక్సెల్స్, 40 దగ్గర ఒకటికి కాస్త ఎక్కువ. అందువల్ల LOD0లో ఆకుకు ఎనిమిది పక్కలు, LOD1లో నాలుగు, LOD2లో మూడు ఇస్తే సరిపోతుంది. ఇరుసు దగ్గరి కుంభంతో కలిపి ఒక్కో గీరకు వరుసగా సుమారు 600, 340, 180 ట్రయాంగిల్స్ అవుతాయి. మిగతా బండిని కూడా కలిపితే నా మొత్తాలు 5,000, 2,000, 700 దగ్గర తేలాయి. రెండో మెట్టు సగం కంటే తక్కువకు, మూడోది ఏడో వంతుకు దిగింది చూడండి.

మీ గీరలు వంకర పోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. డెసిమేట్ ఏ అంచును తీసేస్తే ఆకారం తక్కువ చెడుతుందో దాన్ని తీసేస్తుంది, వృత్తంలో ముక్కలన్నీ సమానంగా ఉండాలన్న సంగతి దానికి పట్టదు. ఆగి ఉన్న బండిలో అది అంతగా తెలియకపోవచ్చు, గీర తిరిగినప్పుడు మాత్రం ఊగుతున్నట్టు కనిపిస్తుంది. గీరను వేరే మెష్‌గా ఉంచి, ప్రతి LODకు కొత్త సిలిండర్‌తో మళ్లీ చేసుకోండి, పెద్ద పనేమీ కాదు. డెసిమేట్‌ను పలకలకు, తాళ్లకు వాడుకోవచ్చు.

80 మీటర్లు దాటితే ఆకు 0.6 పిక్సెల్ కంటే సన్నబడి మిణుకుమిణుకుమంటుంది. అక్కడ గీరను 12 పక్కల బిళ్ళగా మార్చి, ఆకులను టెక్స్‌చర్‌లో వేయండి. బిళ్ళకు ఆల్ఫా కత్తిరింపు పెడితే ఫోన్‌లో భారం పెరుగుతుంది. పైగా మిప్ మ్యాప్స్‌లో ఆకులు కరిగిపోకుండా Preserve Coverage కూడా పెట్టాలి. తెర మీద మొత్తం గీరే 17 పిక్సెల్స్ ఉన్న చోట అంత అవసరం లేదని నా అభిప్రాయం. సందుల్లో ముదురు మట్టిరంగు నింపి అపారదర్శకంగానే వదిలేశాను, LOD3 మొత్తం 120 ట్రయాంగిల్స్‌లో ముగిసింది.

యూనిటీలో ఈ దూరాలను LOD Groupలో శాతాలుగా ఇవ్వాలి. అది మోడల్‌ను చుట్టిన పెట్టె పొడవాటి వైపును కొలుస్తుంది. కాడితో కలిపి బండి 4 మీటర్లు ఉంటే 15, 40, 80 మీటర్లకు 23%, 8.7%, 4.3% వస్తాయి. కాడిని విడి వస్తువుగా తీసేస్తే పొడవు తగ్గి ఈ శాతాలన్నీ మారిపోతాయి కాబట్టి, ఇతరుల శాతాలను తెచ్చి పెట్టుకోకుండా దూరం నుంచే లెక్కకట్టండి. Quality సెట్టింగ్స్‌లోని LOD Bias ఎంతుందో కూడా చూసుకోండి: అది 2 ఉంటే LOD0 15 మీటర్లకు బదులు 30 వరకు నడుస్తుంది, మీరు వేసిన బడ్జెట్ ఫోన్‌లో అమలు కాదు. ఫోన్‌కు వాడే క్వాలిటీ లెవెల్‌నే ఎంచుకుని, బండికి బూడిదరంగు మెటీరియల్ వేసి, కెమెరాను మెల్లగా వెనక్కి జరిపి చూడండి. మారే క్షణంలో అంచు కదలకుండా వెలుగునీడలు మాత్రమే ఎగిరితే లోపం ట్రయాంగిల్స్‌లో లేదు, నార్మల్స్‌లో ఉంది. బ్లెండర్‌లో Data Transfer మాడిఫయర్‌తో LOD0 నార్మల్స్‌ను కింది మెట్లకు ఎక్కిస్తే అది సర్దుకుంటుంది.