పెండింగ్‌లో ఉన్న 20,000: మళ్ళీ పంపే ముందు పన్నెండు అంకెలు వెతకండి

"నిన్న సాయంత్రం, 3వ తేదీ శనివారం, బైరాగిపట్టెడలో ఇంటి అడ్వాన్స్ కింద ఓనర్ గారి ఫోన్ నంబర్‌కు యూపీఐలో 20,000 పంపాను. నా అకౌంట్లో డబ్బు కట్ అయింది. యాప్‌లో మాత్రం ఇప్పటికీ పెండింగ్ అనే ఉంది. ఆయనేమో రాలేదంటున్నారు. ఈ సాయంత్రంలోపు ఇవ్వకపోతే ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట. నా అకౌంట్లో 7,300 మిగిలింది. 5న బండి ఈఎంఐ 6,850 ఉంది. మా ఆవిడ అకౌంట్లో పాప స్కూల్ ఫీజుకని ఉంచిన 21,000 ఉంది. అందులోంచి మళ్ళీ పంపేయమంటారా?"
– ఒక పాఠకుడు, తిరుపతి

ఇప్పుడే పంపకండి. ముందు ఓనర్ గారి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక నంబర్ వెతకాలి. పక్కన కూర్చుని చూసుకుంటే పది నిమిషాల పని. ఆ నంబర్ అక్కడ దొరికిందా, మీ అడ్వాన్స్ చేరిపోయినట్టే. దొరక్కపోతే ఈ సాయంత్రం ఇల్లు చేజారకుండా ఏం చేయాలో కూడా చెప్తాను.

మీరు పిన్ కొట్టాక రెండు పనులు జరగాలి. మొదట మీ బ్యాంకు మీ అకౌంట్లోంచి డబ్బు తీస్తుంది. తర్వాత ఓనర్ గారి బ్యాంకు ఆ డబ్బును ఆయన అకౌంట్లో వేస్తుంది. రెండు బ్యాంకుల మధ్యా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థ ఉండి, ఇటు అటు జవాబులు తీసుకుని మీ యాప్‌కు చెబుతుంది. మీ విషయంలో మొదటి పని అయింది. రెండో పని అయిందో లేదో చెప్పే జవాబు సమయానికి అందినట్టు లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. జవాబు రాలేదంటే డబ్బు పడలేదని కాదు. ఆయన బ్యాంకు డబ్బు వేసేసి ఉండి, ఆ మాట చెప్పేలోపు సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు. అసలు వెయ్యకపోయి కూడా ఉండొచ్చు. మీ యాప్‌కు ఆ రెండింటిలో ఏది నిజమో తెలియదు కాబట్టే పెండింగ్ అని చూపిస్తోంది. మీకొచ్చిన డెబిట్ మెసేజ్ కూడా మొదటి పని గురించే చెబుతుంది, రెండో పని గురించి కాదు.

మళ్ళీ పంపొద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, రెండు వైపులా నష్టం ఒకేలా ఉండదు. మొదటిది ఫెయిల్ అయి ఉంటే ఆ డబ్బును మీ అకౌంట్లో తిరిగి వేయాల్సిన బాధ్యత బ్యాంకులది. దానికి రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది, గడువు దాటితే పరిహారం కూడా ఉంది. అదే మొదటిది చేరిపోయి ఉండి, మీరు రెండోది కూడా పంపారనుకోండి. అప్పుడు రెండూ మీరు పిన్ కొట్టి ఒప్పుకున్న సక్సెస్ లావాదేవీలే. బ్యాంకు దృష్టిలో అక్కడ తప్పేమీ జరగలేదు, ఆయన ఒప్పుకోకుండా ఆయన అకౌంట్లోంచి తీసి మీకివ్వదు. పాప ఫీజు డబ్బు ఓనర్ గారు ఎప్పుడిస్తే అప్పుడే. ఇచ్చేవారే అయినా, "వచ్చే నెలల బాడుగలో పట్టుకోండి" అంటే ఫీజు గడువుకు మీ చేతిలో ఉండదు.

గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో నాకిది జరిగింది. 3,650 కట్టాను, పెండింగ్ అని వచ్చింది, వెనక క్యూ ఉంది, కంగారులో మళ్ళీ కట్టాను. మర్నాటికి రెండూ సక్సెస్. షాపాయన మంచివాడు కాబట్టి లెక్క చూసి వెనక్కిచ్చాడు. ఆయన కాదంటే బ్యాంకులో నేను అడగడానికి నాకు దారి లేదు.

ఇక ఆ నంబర్ సంగతి. యాప్‌లో ఆ పెండింగ్ లావాదేవీని తెరవండి. UTR అని గానీ UPI Ref No. అని గానీ పన్నెండు అంకెలు ఉంటాయి. పక్కనే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి ఐడీ ఇంకోటి ఉండొచ్చు, అది కాదు. ఈ పన్నెండు అంకెలే మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ, డబ్బు చేరితే ఆయన స్టేట్‌మెంట్‌లోనూ కనిపిస్తాయి. ముందు మీ బ్యాంకు సొంత యాప్‌లోకి వెళ్ళి, నిన్నటి డెబిట్ పక్కన అదే నంబర్ ఉందో లేదో సరిచూసుకోండి. కాగితం మీద రాసుకోండి.

పెండింగ్ పేజీలో రిఫ్రెష్ నొక్కుతూ కూర్చోవద్దు. స్టేటస్ అడగడానికి యాప్‌లకు 2025 ఆగస్టు నుంచి హద్దు పెట్టారు: ఒక లావాదేవీకి మూడుసార్లు, మధ్యలో 90 సెకన్ల ఎడం. నిన్న రాత్రే ఆ మూడూ అయిపోయి ఉంటాయి.

ఇప్పుడు ఓనర్ గారి దగ్గరకు వెళ్ళండి. స్క్రీన్‌షాట్ చూపించి వాదించొద్దు. నకిలీ స్క్రీన్‌షాట్లతో మోసపోయినవాళ్ళను చూసి ఉంటారు, ఆయన నమ్మకపోవడం తప్పు కాదు. పన్నెండు అంకెలు చూపించి, "సార్, ఈ నంబర్ మీ స్టేట్‌మెంట్‌లో ఉందేమో ఒకసారి చూద్దాం" అనండి. చూడాల్సింది మెసేజ్‌లు కాదు, యూపీఐ యాప్‌లోని హిస్టరీ కూడా కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్. అదీ సరైన అకౌంట్ స్టేట్‌మెంట్.

"సరైన అకౌంట్" అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నా దగ్గరకు వచ్చిన ఇలాంటి కేసుల్లో ముడి ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఒక పెద్దాయనకు రెండు అకౌంట్లు. రోజూ చూసుకునేది ఇంటి బాడుగలు పడే అకౌంట్. కానీ ఆయన కొడుకు కొత్త యాప్ పెట్టినప్పుడు ఫోన్ నంబర్‌కు పెన్షన్ అకౌంట్‌ను కలిపాడు. ఆ నంబర్‌కు వచ్చిన డబ్బంతా పెన్షన్ అకౌంట్లో పడుతుంటే, ఈయన బాడుగల అకౌంట్ చూసి "రాలేదు" అంటున్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, మెషీన్ కూడా తప్పు చెప్పలేదు. కాబట్టి ఓనర్ గారిని ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నంబర్‌కు వచ్చే డబ్బు ఏ బ్యాంకులో పడుతుంది సార్?" ఆయన యాప్‌లోని బ్యాంకు అకౌంట్ల పేజీలో డబ్బు అందుకునే అకౌంట్ ఏదో ఉంటుంది. ఆ స్టేట్‌మెంట్‌లో నిన్న సాయంత్రం నుంచి ఈ క్షణం దాకా చూడండి, ఎందుకంటే డబ్బు ఆలస్యంగా కూడా పడుతుంది.

అదే నంబర్‌తో 20,000 క్రెడిట్ కనబడితే, మీ యాప్ ఇంకా పెండింగ్ అంటున్నా పట్టించుకోకండి, అడ్వాన్స్ ముట్టింది. రసీదు తీసుకోండి. మరోవైపు మీ స్టేట్‌మెంట్‌లో 20,000 తిరిగి జమ అయినట్టు ఒక కొత్త వరుస ఉంటే, మొదటిది ఫెయిల్ అయినట్టు. అప్పుడు నిశ్చింతగా మళ్ళీ పంపొచ్చు. ఒక చిన్న మాట: డబ్బు వెనక్కి వచ్చినా పాత డెబిట్ వరుస చెరిగిపోదు, అలాగే ఉంటుంది. కింద వేరే వరుసగా జమ కనిపిస్తుంది. పాత వరుసే చూసి రాలేదని కంగారు పడకండి, బ్యాలెన్స్‌ను కలిపి చూడండి.

రెండు చోట్లా ఏమీ లేకపోతే? అప్పుడు ఇంకా తేలలేదని అర్థం. మీరు పంపింది వ్యక్తి అకౌంట్‌కు కాబట్టి, 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధన ప్రకారం డబ్బు ఆయనకు చేరకపోతే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా మీకు వెనక్కి రావాలి. ఇక్కడ రోజంటే క్యాలెండర్ రోజు, ఆదివారం కూడా లెక్కే. అంటే మీ గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. సోమవారం నుంచి ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు పరిహారం, అదీ మీరు అడక్కుండానే వెయ్యాలి. మీరు కట్టింది షాపు క్యూఆర్‌కు అయి, షాపుకు కన్ఫర్మేషన్ అందకపోయి ఉంటే ఈ గడువు ఐదు రోజులు ఉండేది.

కానీ ఇల్లు ఈ సాయంత్రమే ఖాయం కావాలి. అందుకని మొత్తం 20,000 కాకుండా, మీ ఆవిడ అకౌంట్లోంచి ఏటీఎంలో 5,000 తీసి చేతికివ్వండి. మీ అకౌంట్లోని 7,300 జోలికి వెళ్ళొద్దు. అందులోంచి రేపే ఈఎంఐ పోతుంది. అది బౌన్స్ అయితే చార్జీలు పడతాయి, క్రెడిట్ రికార్డు కూడా దెబ్బతింటుంది. 5,000 ఇస్తూ ఓనర్ గారితో ఇలా రాయించుకోండి: "3వ తేదీన యూపీఐలో పంపిన 20,000 (నంబర్ ఇది) నా ఖాతాలో ఇంకా కనబడలేదు. ఈ రోజు నగదుగా 5,000 ముట్టింది. ఆ 20,000 చేరితే ఈ 5,000 మొదటి నెల బాడుగలో సర్దుబాటు చేస్తాను." కింద తేదీ, సంతకం. ఇలా రాసివ్వడానికి ఒప్పుకోని ఓనర్‌కు రెండో 20,000 పంపడం నాకైతే సమ్మతం కాదు.

సోమవారం ఉదయం రెండు స్టేట్‌మెంట్లూ మళ్ళీ చూడండి. ఇంకా ఎక్కడా లేకపోతే, యాప్‌లో ఆ లావాదేవీ పేజీలోనే ఫిర్యాదు నమోదు చేసి నంబర్ తీసుకోండి. అదే విషయం మీ బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. కస్టమర్ కేర్ నంబర్‌ను మాత్రం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. యాప్ లోపల, పాస్‌బుక్ మీద, కార్డు వెనక ఉన్నదే వాడండి. ఎవరైనా ఫోన్ చేసి "మీ 20,000 రీఫండ్ చేస్తాం, పిన్ కొట్టండి" అంటే పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మొదటి 20,000 మీకు వెనక్కి వచ్చిందనుకోండి, ఓనర్ గారికి మిగతా 15,000 అందులోంచే పంపి, 5,000 ఆ రోజే మీ ఆవిడ అకౌంట్లో వేసేయండి. పాప ఫీజు మళ్ళీ 21,000 అవుతుంది.