వారానికో క్రిటికల్ థింకింగ్ పీరియడ్ గురించి బుజ్జమ్మకి పెద్దనాన్న రాసేది

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో సగంలో సిగ్నల్ పోయింది, మళ్ళీ చేద్దామనుకుని ఇదంతా మాట్లాడితే కుదరదని టైప్ చేస్తున్నా. మీ స్కూల్లో ఎనిమిదో క్లాసుకి వారానికో నలభై నిమిషాలు క్రిటికల్ థింకింగ్ పీరియడ్ పెట్టి నీకు అంటగట్టారు, చేతికో పజిళ్ళ వర్క్‌బుక్ ఇచ్చారు, అంతేగా? 2020 కొత్త విద్యా విధానంలో ఆ మాట ఉంది కాబట్టి ప్రతి స్కూలూ ఏదో ఒకటి చెయ్యాలి మరి. నేనూ ఒకప్పుడు ఇదే చేశాను తల్లీ, ఏడాది పొడుగునా. పిల్లలు పజిళ్ళలో ఆరితేరిపోయారు, ఎవరు అబద్ధం చెప్తున్నారు, ఏ టోపీ ఏ రంగు, అన్నీ చకచకా చెప్పేసేవాళ్ళు. అదే పిల్లలకి సైన్స్ పరీక్షలో ఒక ప్రయోగం ఇచ్చి ఇందులో తప్పేంటి అని అడిగితే పేపర్ ఖాళీ. అప్పుడు తలకెక్కింది నాకు.

దీని మీద పెద్ద గొడవే ఉందిలే. అమెరికాలో రాబర్ట్ ఎన్నిస్ అనే ఫిలాసఫీ ఆయన, ఆలోచించే పద్ధతులు కొన్ని అన్ని సబ్జెక్టులకీ పనికొస్తాయి, వాటిని విడిగా కూడా నేర్పొచ్చు అంటాడు. కెనడాలో జాన్ మెక్‌పెక్ 1981లో పుస్తకం రాసి, అసలు ఉత్తినే ఆలోచించడం అంటూ ఏముంటుందయ్యా, ఎప్పుడూ ఏదో ఒక దాని గురించే కదా ఆలోచించేది, ఆ సంగతి తెలీనివాడు దేని గురించి ఆలోచిస్తాడు అన్నాడు.

ఎవరిది కరెక్టో నువ్వే క్లాసులో చూసుకోవచ్చు. వేసన్ అనే సైకాలజీ ఆయన 1966లో పెట్టిన కార్డుల పజిల్ ఉంది చూడు, బోర్డు మీద నాలుగు కార్డులు గీయి, A, K, 4, 7. ప్రతి కార్డుకి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ఒకవైపు అచ్చు అక్షరం ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి అనేది రూలు, రూలు తప్పారో లేదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? పెద్దవాళ్ళే ఎక్కువమంది A, 4 అంటారు, కరెక్ట్ ఏమో A, 7. ఎందుకంటే 7 వెనక అచ్చు ఉంటే రూలు విరిగిపోయినట్టే, 4 వెనక ఏమున్నా మనకి బాధ లేదు. ఇప్పుడు ఇదే పజిల్ని తెలంగాణ బస్సులోకి ఎక్కించు. జీరో టికెట్ తీసుకుంటే దగ్గర ఆధార్ ఉండాలి అనేది రూలు అనుకో. నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు, ఒకామె చేతిలో జీరో టికెట్, ఒకామె డబ్బులిచ్చి కొన్న టికెట్, మూడో ఆమె చేతిలో ఆధార్, నాలుగో ఆమె దగ్గర ఆధార్ లేదు, ఈ చివరి ఇద్దరి టికెట్లు నీకు కనపడట్లేదు. చెకింగ్ ఆయన ఎవర్ని అడగాలి? పిల్లలు ఠక్కున చెప్తారు, జీరో టికెట్ ఆమెని, ఆధార్ లేని ఆమెని అని. లాజిక్ రెండిట్లోనూ ఒక్కటే, ఒకటి తెలిసిన సంగతి, ఒకటి కాదు, అంతే. 1982లో ఫ్లోరిడాలో బీరు తాగే వయసు రూలుతో ఇలాగే చేస్తే నాలుగింట మూడొంతుల మంది దాకా కరెక్ట్ చెప్పారు. (మనిషికి మోసాన్ని పట్టుకునే బుర్ర పుట్టుకతోనే ఉంటుంది, అందుకే అది తేలిక అనేవాళ్ళూ ఉన్నారు, అది వేరే పంచాయితీ.)

అలాగని మెక్‌పెక్ గెలిచాడని సబ్జెక్టు చెప్పుకుంటూ పోతే ఆలోచన దానంతటదే వచ్చేస్తుందనుకోకు. కెనడాలోనే అబ్రామి వాళ్ళ టీమ్ 2008లో 117 స్టడీలు కలిపి చూస్తే, ఆలోచించే పద్ధతిని పేరుపెట్టి చెప్పకుండా సబ్జెక్టులో ముంచేసి వదిలేసిన చోట ఫలితం అన్నిటికంటే తక్కువ, పద్ధతిని విడిగా చెప్పి మళ్ళీ సబ్జెక్టులో వాడించిన చోట అన్నిటికంటే ఎక్కువ. అంటే ప్రశ్న అన్నిచోట్లా ఒక్కటే కావచ్చు గానీ జవాబు మాత్రం ఆ సంగతి తెలిసిన బుర్రలోంచే రావాలి.

నేను చేసింది చెప్తా విను. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకున్నా, "ఇంకేం తేడా ఉంది?" అని. రెండిటిని పోల్చి ఇదిగో దీనివల్లే అది జరిగింది అని ఎవరన్నా అంటే ఈ ప్రశ్న వెయ్యాలి. టర్మంతా ఇదొక్కటే. మొదటి కేసు మిరప. ఒక రైతు టానిక్ కొట్టిన ఎకరంలో 22 క్వింటాళ్ళు వచ్చాయి, కొట్టని పక్క ఎకరంలో 16 వచ్చాయి, కాబట్టి టానిక్ పనిచేసింది, ఒప్పుకుంటారా అన్నా. టౌను పిల్లలు నీళ్ళు, ఎరువు, ఎండ అని ఆగిపోయారు. హాస్టల్లో ఉండే పల్లెటూరి పిల్లలు లేచారమ్మా చూడు! రెండిట్లో విత్తనం ఒకటేనా, నాటు ముందు పడిందా వెనక పడిందా, బొబ్బర తెగులు ఏ చేలో వచ్చింది, ఎన్ని కోతలు కోశారు, ఒకతను బోరు ఇంకొకతను కాలువ చివర కాదు గదా. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకతి, సార్ రెండూ ఎండినాకే తూచారా అంది. నాకే తట్టలేదు ఆ ముక్క, తడి కాయ తూకం ఎండు కాయ తూకం ఒకటెలా అవుతాయి!

తర్వాత వారం ఇంకోటి ఇచ్చా, ఒక కోచింగ్ సెంటర్ ఫలానా ఇన్ని ర్యాంకులు అని ఫ్లెక్సీ కట్టింది, అక్కడ చదివితే ర్యాంకు వస్తుందా అని. ఈసారి పల్లెటూరి పిల్లలు సార్లు బాగా చెప్తారేమో అన్నారు, టౌను పిల్లలేమో స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి ముందే బాగా చదివేవాళ్ళని ఏరుకుంటారు సార్, ఫీజు మాఫీ చేసి టాపర్లని లాక్కుంటారు, టెస్ట్ సిరీస్ మాత్రమే రాసినోళ్ళ ఫొటోలు కూడా వేసేస్తారు అని చిట్టా విప్పారు. మిరప రోజు తెలివితక్కువగా కనపడ్డవాళ్ళే వీళ్ళు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, చూసుకో. నాలుగు వారాలకి ప్రశ్న పాటలా వచ్చేస్తుంది, దేనికైనా గాలి, వెలుతురు, నీళ్ళు అని జాబితా చదివేస్తారు. అప్పుడు వెంటనే, సరే అది మారితే దిగుబడి పెరుగుద్దా తగ్గుద్దా, ఎందుకు అని అడుగు. నోరు మూతపడిందంటే లోటు ఆలోచనలో కాదు, ఆ సంగతి తెలియకపోవడంలో. అప్పుడు పజిల్ ఇవ్వకు, ఆ పాఠం చెప్పు, రెండు పీరియడ్లు పట్టినా సరే, తర్వాత మళ్ళీ అదే కేసుకి రా. ఇంకో మాట, పరీక్ష పెట్టేటప్పుడు మిరప మీద పెట్టకు, ఆల్రెడీ చదివిన పాఠంలోంచే ఈ ప్రశ్న ఎప్పుడూ వెయ్యని సంగతి తీసుకో, మొక్కలకి కాంతి ప్రయోగమో ఇంకోటో. ప్రశ్న గుర్తు చెయ్యకు కూడా. వాళ్ళంతట వాళ్ళు అడిగితే వచ్చినట్టు. నా క్లాసులో మొదటిసారి మూడోవంతు కూడా అడగలేదు, కంగారుపడకు.

వర్క్‌బుక్ పారెయ్యమనట్లేదు, హెడ్ మేడమ్ చూస్తుంది కదా, మొదటి పది నిమిషాలకి వాడుకో. మిగతా అరగంటకి ఆ వారం సైన్సులోనో సోషల్లోనో ఏ చాప్టర్ నడుస్తోందో ఆ టీచర్ని అడిగి కేసు తయారుచెయ్యి. నా మిరప కేసు మాత్రం ఎత్తుకెళ్ళకు, మీది భీమవరం పక్క, పిల్లలందరికీ రొయ్యల చెరువులు. ఫలానా మేత వేసిన చెరువులో కౌంట్ బాగా వచ్చింది, రొయ్య పెద్దదైంది అనే కేసు పెట్టు. దానికి జవాబుల లిస్టు మాత్రం నన్నడగొద్దు, ఏరేటర్లు, పిల్ల సాంద్రత అని రెండు మాటలు విన్నానే గానీ అవి మారితే ఏమవుద్దో నాకు తెలీదు, నేను కూర్చున్నా ఎండ, నీళ్ళు అనే అంటా. మీ మావయ్యకి చెరువుంది కదా, ముందు ఆయన దగ్గర ఓ సాయంత్రం కూర్చుని రాసుకో, తర్వాత పిల్లలు ఏమన్నారో నాకు ఫొటో తీసి పంపు.

పెద్దమ్మ అడిగిందని చెప్పమంది. సంక్రాంతికి రండి.

మీ పెద్దనాన్న